మీరట్ బంగారం, ప్రొద్దుటూరు బంగారం

లా చదివేవాళ్లకు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చునేవాళ్లకు తరచూ ఎదురయ్యే తరహా ప్రశ్న ఒకటి చూడండి. ఇది నేను అల్లిన కథే.

ప్రొద్దుటూరు నగల వ్యాపారి ఒకాయన 250 గ్రాముల బంగారంతో నంద్యాల వెళ్తుంటే, దొంగసొత్తేమో అన్న అనుమానంతో పోలీసులు ఆపారు. పంచనామా రాసి బంగారం స్వాధీనం చేసుకున్నారు. ఠాణా మాల్‌ఖానాలో పెట్టారు. వ్యాపారి బిల్లులు చూపించుకుంటే మెజిస్ట్రేటు నమ్మి, నెల 10వ తేదీన బంగారం ఆయనకు తిరిగి ఇచ్చేయమని ఉత్తర్వు ఇచ్చారు. 12న ఆయన ఉత్తర్వు నకలు పట్టుకుని ఠాణాకు వెళ్తే ‘సారు లేరు, రేపు రండి’ అన్నారు. 15న మాల్‌ఖానా చూసుకునే హెడ్ కానిస్టేబుల్ బంగారంతో సహా కనిపించకుండా పోయాడు. వ్యాపారి ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేశాడు. మీరు వ్యాపారి తరఫు వకీలు. వాదించండి.

ఈ ప్రశ్నలో ఇబ్బందేమిటంటే, దాదాపు ఇదే కథ మీద సుప్రీంకోర్టు తీర్పు ఎప్పుడో వచ్చింది. అది వ్యాపారికి వ్యతిరేకంగా వచ్చింది. ఇచ్చింది అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం. రాజ్యాంగం 141వ అధికరణ ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన న్యాయసూత్రం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం. మరి వకీలు ఏం చేయాలి? ఆ తీర్పును కాదనకూడదు, దానికి తలొగ్గి ఓడిపోకూడదు. ఆ తీర్పు తప్పని కాకుండా, అది ఈ కేసుకు వర్తించదని చూపాలి. కోర్టు భాషలో దీన్ని డిస్టింగ్విష్ చేయడం అంటారు. పరీక్షలో ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. తేడాలు వెతకడం అందరికీ వస్తుంది. ఏ తేడా పనికొస్తుందో తేల్చడమే కష్టం.

ముందు ఆ పాత కేసు చూద్దాం. 1947 సెప్టెంబరు 20 రాత్రి. అమృతసర్ నగల వ్యాపార సంస్థ కస్తూరిలాల్ రలియారాం జైన్ భాగస్వామి రలియారాం బంగారం, వెండి అమ్ముకోవడానికి మీరట్‌లో రైలు దిగాడు. బజారులో నడుస్తుంటే కానిస్టేబుళ్లు ఆపి కొత్వాలీకి తీసుకుపోయారు. దొంగసొత్తు కావచ్చన్న అనుమానంతో 103 తులాలకు పైగా బంగారం, రెండు మణుగులకు మించిన వెండి స్వాధీనం చేసుకున్నారు. మర్నాడు ఆయన్ను జామీను మీద వదిలారు. వెండి తిరిగి ఇచ్చారు. బంగారం మాత్రం ఇవ్వలేదు. మాల్‌ఖానా చూసే హెడ్ కానిస్టేబుల్ దాన్ని కాజేసి, అక్టోబరులో పాకిస్తాన్‌కు పారిపోయాడు. సంస్థ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మీద దావా వేసింది. అది సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 1964లో ప్రధాన న్యాయమూర్తి గజేంద్ర గడ్కర్ తీర్పు రాశారు. 1965 రిపోర్టుల్లో అచ్చయింది కాబట్టి విద్యార్థులు దాన్ని ఆ ఏటి కేసుగానే గుర్తు పెట్టుకుంటారు.

ఇందులో పోలీసుల నిర్లక్ష్యాన్ని కోర్టు దాచిపెట్టలేదు. నిబంధన ప్రకారం ఖజానాకు చేర్చాల్సిన బంగారాన్ని మాల్‌ఖానాలోనే ఉంచేశారనీ, జాగ్రత్త తీసుకోలేదనీ స్పష్టంగా తేల్చింది. అయినా ప్రభుత్వం బాధ్యత వహించనక్కర్లేదంది. ఎందుకంటే అరెస్టు చేయడం, సోదా చేయడం, సొత్తు స్వాధీనం చేసుకోవడం చట్టం ఇచ్చిన అధికారాలు. అవి రాజ్యానికి సహజంగా ఉండే సార్వభౌమాధికారంలో భాగం. ఆ అధికారం చెలాయించే పనిలో ఉద్యోగి చేసిన తప్పుకు ప్రభుత్వం నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. ఈ మాట 1861లో కలకత్తా కోర్టు ఇచ్చిన పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ కంపెనీ తీర్పు నుంచి వచ్చింది. రాజ్యాంగం 300వ అధికరణ ఆనాటి స్థితినే కొనసాగించింది. ఈ ఫలితం కోర్టుకే రుచించలేదు. శాసనసభలు చట్టం చేస్తే బాగుంటుందని తీర్పులోనే రాసింది.

ఇప్పుడు పరీక్ష హాల్లోకి వద్దాం. కస్తూరిలాల్ తెలిసిన విద్యార్థి ప్రశ్న చదవగానే గుర్తుపడతాడు. ఆ వెంటనే చాలామంది రాసే వాక్యం ఒకటుంది: ‘కస్తూరిలాల్ కేసులో పోలీసులు మామూలు నిర్లక్ష్యం చూపారు, ఇక్కడ ఘోరమైన నిర్లక్ష్యం చూపారు, కాబట్టి ఆ తీర్పు వర్తించదు.’ చదవడానికి బలంగా ఉంటుంది. పసేమీ లేదు. నిర్లక్ష్యం ఉందని ఒప్పుకున్న తర్వాతే కదా ఆ కోర్టు ప్రభుత్వాన్ని వదిలేసింది! నిర్లక్ష్యం ఎంత ఉన్నా లేకున్నా ఆ తీర్పు మారేది కాదు. ఏ విషయం తీసేసినా ఫలితం మారదో, ఆ విషయంలో తేడా చూపి లాభం లేదు. మీరట్ బదులు నంద్యాల, రైలు బదులు రోడ్డు, పాకిస్తాన్ బదులు మరెక్కడికో పారిపోవడం కూడా అలాంటి తేడాలే. నిర్లక్ష్యం విషయంలో ఉన్న చిక్కేమిటంటే, అది పైకి గట్టి తేడాలా కనిపిస్తుంది. అందుకే చాలామంది దాన్ని పట్టుకు వేలాడతారు.

కాబట్టి మొదట చేయాల్సింది ఆ తీర్పు దేనిమీద నిలబడిందో ఒక్క వాక్యంలో రాసుకోవడం. దాన్నే రేషియో అంటారు. కస్తూరిలాల్‌కు ఇలా రాయొచ్చు: ‘సార్వభౌమాధికారం నుంచి వచ్చిన, చట్టం అప్పగించిన అరెస్టు, సోదా, స్వాధీనం అధికారాలను చెలాయిస్తూ ఉద్యోగి చేసిన పౌర తప్పిదానికి ప్రభుత్వం బాధ్యత వహించదు.’ ఇందులో ప్రతి ముక్కా అవసరమే. ‘పోలీసుల తప్పుకు ప్రభుత్వం ఎన్నడూ బాధ్యత వహించదు’ అని రాస్తే తీర్పును సాగదీసినట్టే. అప్పుడు మీరే మీ కక్షిదారును ముంచుతారు. ‘మీరట్‌లో బంగారం పోతే ప్రభుత్వం బాధ్యత వహించదు’ అని కుదిస్తే ఎదుటి వకీలు నవ్వుతాడు, దిద్దేవాడూ నవ్వుతాడు. రేషియోను ఎంత వెడల్పుగా చెప్పాలన్నది తీర్పులోని మాటలు తేల్చాలి. మనకు ఏది లాభమన్నది కాదు.

వాక్యం రాసుకున్నాక ఒక్కో ముక్కనూ మన కథ పక్కన పెట్టి చూడాలి. ఉద్యోగి తప్పా? అవును. చట్టం ఇచ్చిన అధికారమా? అవును. పోలీసు అధికారమా? అదీ అవునే. ఆ అధికారాన్ని ‘చెలాయిస్తూ’ ఉండగా జరిగిందా? ఇక్కడ ఆగాలి. మెజిస్ట్రేటు 10న ఇచ్చేయమన్నారు. బంగారం పోయింది 15న. మధ్యలో ఆ అయిదు రోజులూ పోలీసుల చేతిలో ఉన్నది స్వాధీనం చేసుకునే అధికారమా, తిరిగి ఇచ్చేసే బాధ్యతా? ఈ కేసంతా ఈ ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

ఇలా తేడా చూపి కస్తూరిలాల్‌ను పక్కకు తప్పించిన నిజమైన కేసు మన రాష్ట్రం నుంచే వెళ్లింది. పేరు ఎన్. నాగేంద్రరావు అండ్ కో. ఎరువులు, ధాన్యం వ్యాపారం. 1975లో నిత్యావసర వస్తువుల చట్టం కింద అధికారులు ఆయన సరుకు స్వాధీనం చేసుకున్నారు. విచారణలో నల్లబజారు ఆరోపణ నిలబడలేదు. లెక్కలు సరిగ్గా రాయనందుకు కొంత సరుకు జప్తు చేసి, మిగతాది వదిలేయమని కలెక్టరు 1976లో ఉత్తర్వు ఇచ్చారు. వ్యాపారి వెళ్లి చూస్తే ఎరువు పాడైపోయి ఉంది. తీసుకోనని, డబ్బు ఇమ్మని దావా వేశాడు. కింది కోర్టు లక్ష రూపాయలకు పైబడి డిక్రీ ఇచ్చింది. హైకోర్టు కస్తూరిలాల్ చూపించి కొట్టేసింది. చట్టం ఇచ్చిన అధికారంతో స్వాధీనం, అధికారుల నిర్లక్ష్యం, సరుకు నష్టం. హైకోర్టు కంటికి రెండు కథలూ ఒకటే.

1994లో సుప్రీంకోర్టు డిక్రీని నిలబెట్టింది. జస్టిస్ ఆర్.ఎం. సహాయ్ తీర్పు రాశారు. ఆ ధర్మాసనానికి అయిదుగురి తీర్పును రద్దు చేసే అధికారం లేదు. అందుకే తేడా చూపే దారి పట్టింది. ఆ దారిలో రెండు మెట్లున్నాయి. మొదటిది చట్టంలోనే ఉంది. నిత్యావసర వస్తువుల చట్టంలోని 6-సి సెక్షన్ ప్రకారం జప్తు నిలబడకపోతే సరుకు తిరిగివ్వాలి, అది కుదరకపోతే ప్రభుత్వానికి అమ్మినట్టే లెక్కగట్టి వడ్డీతో ధర చెల్లించాలి. చట్టమే బాధ్యత ఒప్పుకుంటుంటే ప్రభుత్వం బాధ్యత లేదనడం ఎలా చెల్లుతుంది? రెండోది అధికారం స్వభావం. యుద్ధం, విదేశీ వ్యవహారాలు, శాంతిభద్రతల లాంటివి రాజ్యం తప్ప మరొకరు చేయలేని పనులు. ఎరువుల పంపిణీని నియంత్రించడం ఆ కోవలోకి రాదు. కస్తూరిలాల్ ఆ మొదటి రకానికే పరిమితమని కోర్టు చెప్పింది.

ఇక్కడే చురుకైన విద్యార్థులు కూడా తొందరపడతారు. నాగేంద్రరావు దొరికింది, సరుకు స్వాధీనం చేసుకుని పాడుచేస్తే ప్రభుత్వం బాధ్యత వహించాలి, మన వ్యాపారి గెలిచాడు, అంతే అని రాసేస్తారు. కానీ ఎదుటి వకీలు నాగేంద్రరావును మన మీదకే తిప్పుతాడు. ‘ఆ తీర్పు ఎరువుల నియంత్రణ గురించి. నేరాన్ని అరికట్టే పోలీసు పని వేరని ఆ తీర్పే ఒప్పుకుంది. ఇక్కడ జరిగింది పోలీసు పనే. పైగా 6-సి లాంటి సెక్షన్ ఇక్కడ ఎక్కడుంది?’ అంటాడు. అది న్యాయమైన దెబ్బ. మనకు అనుకూలమైన తీర్పును కూడా ఎదుటివాళ్లు మనలాగే డిస్టింగ్విష్ చేస్తారు. కాబట్టి ఈ ప్రశ్నలో నాగేంద్రరావు తోడుగా నిలబడుతుంది కానీ ఒంటరిగా మోయలేదు.

అసలు బరువు మెజిస్ట్రేటు ఉత్తర్వు మీద వేయాలి. దానికి తగిన తీర్పు 1967 నాటిది: గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ మెమన్ మహమ్మద్ హాజీ హసన్. జునాగఢ్ కస్టమ్స్ అధికారులు వాహనాలు స్వాధీనం చేసుకున్నారు. అప్పీలులో ఆ స్వాధీనం నిలబడలేదు, వాహనాలు తిరిగివ్వాలని తేలింది. ఈలోగా వాటిని ఎవరూ అడగని సొత్తు కింద అమ్మేశారు. ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. స్వాధీనం అప్పీలులో ఎగిరిపోయే అవకాశం ఉంది కాబట్టి, సొత్తును భద్రపరిచి తిరిగివ్వాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద ఉందనీ, ఒప్పందం లేకపోయినా సొత్తు దాచిపెట్టుకున్నవాడి స్థానంలో, అంటే బెయిలీగా, అది నిలబడుతుందనీ చెప్పింది. దీంతో మన దావా పునాదే మారిపోతుంది. పోలీసు నిర్లక్ష్యమనే పౌర తప్పిదానికి పరిహారం ఇమ్మని అడగడం ఒకటి. నా సొమ్ము మీ దగ్గర ఉంది, అధికారి తిరిగివ్వమన్నారు, ఇవ్వలేకపోతే విలువ కట్టండి అనడం మరొకటి. కస్తూరిలాల్ మాట్లాడింది మొదటిదాని గురించి.

1977లో మైసూరు నుంచి వచ్చిన బసవా కోం ద్యామనగౌడ పాటిల్ కేసు మనకు ఇంకా దగ్గర. ఆమె నగలు దొంగతనం పోయాయి, దొరికాయి, కోర్టు ముందుకు వచ్చాయి, పోలీసు కాపలాలో ఉండగా మళ్లీ మాయమయ్యాయి. తగిన జాగ్రత్త తీసుకున్నామని ప్రభుత్వం చూపలేకపోతే, క్రిమినల్ కోర్టే విలువ చెల్లించమని చెప్పవచ్చునంది సుప్రీంకోర్టు. పోలీసు కాపలా, బంగారం, కోర్టు ప్రమేయం మూడూ ఉన్నాయి. ఒక్కటి గమనించాలి. అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద దరఖాస్తు మీద వచ్చిన తీర్పు. మనది సివిల్ దావా. ఆ సంగతి జవాబులో ఒప్పుకుని రాస్తేనే మంచిది.

ఇక రాయడం. వ్యతిరేక తీర్పు పేరు జవాబు చివర్లో మెల్లగా జారవిడిచే అలవాటు కొందరికి ఉంది. అది తెలియనట్టు నటించేవాళ్లూ ఉన్నారు. దిద్దేవాడు మొదట వెతికేది ఆ పేరే. రెండో పేరాలోనే పెట్టి, దాని బలాన్ని పూర్తిగా ఒప్పుకుని, ఆ తర్వాత తేడా చూపాలి. నేనైతే ఆ కీలకమైన పేరా ఇలా రాస్తాను:

‘వాదికి ప్రధాన అడ్డంకి కస్తూరిలాల్. అయిదుగురి ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు నేటికీ రద్దు కాలేదు. రెండు కేసుల్లోనూ అనుమానంతో బంగారం స్వాధీనం చేసుకున్నారు, మాల్‌ఖానాలో ఉంచారు, బాధ్యుడైన హెడ్ కానిస్టేబులే కాజేశాడు. నిర్లక్ష్యం అక్కడా రుజువైంది కాబట్టి ఆ విషయంలో తేడా చూపలేం. కానీ ఆ తీర్పు స్వాధీనం చేసుకునే అధికారాన్ని చెలాయించే పనికి పరిమితం. అక్కడ బంగారం పోయేనాటికి తిరిగివ్వమన్న న్యాయాధికారి ఉత్తర్వు లేదు. ఇక్కడ 10వ తేదీ ఉత్తర్వుతో స్వాధీనం ముగిసింది. తర్వాత పోలీసుల వద్ద మిగిలింది అప్పగించాల్సిన బాధ్యతే, చెలాయించడానికి అధికారం కాదు. 12న వాది అడిగినా ఇవ్వలేదు. మెమన్ మహమ్మద్ ప్రకారం ప్రభుత్వం బెయిలీ.’

ఈ పేరాలో తేడా చూపడమే కాకుండా, ఆ తేడా ఎందుకు ముఖ్యమో కూడా ఉంది. ‘ఇక్కడ ఉత్తర్వు ఉంది, అక్కడ లేదు’ అని వదిలేస్తే సగం మార్కులే. ఉత్తర్వు వల్ల రేషియోలోని ఏ ముక్క ఊడిపోయిందో చెప్పాలి.

ఆ తర్వాత ఎదుటివాడి జవాబు కూడా మనమే రాయాలి. ఇక్కడ గట్టి జవాబే ఉంది: ‘మీరట్‌లో కూడా రలియారాంను వదిలేశారు, వెండి తిరిగి ఇచ్చారు, బంగారం కోసం ఆయన అడుగుతూనే ఉన్నాడు. అంటే అక్కడా స్వాధీనం అవసరం తీరిపోయినట్టే. అయినా ప్రభుత్వానికి రక్షణ దొరికింది కదా!’ దీన్ని దాటవేయకూడదు. దీనికి చెప్పగలిగేది ఇది: అక్కడ బంగారం ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం పోలీసుల చేతిలోనే ఉంది. ఇక్కడ న్యాయాధికారి ఆ నిర్ణయాన్ని వాళ్ల చేతిలోంచి తీసేశారు. అలా తీసేసిన తర్వాత సంగతేమిటన్న ప్రశ్న కస్తూరిలాల్‌లో కోర్టు ముందుకు రానేలేదు. ముందుకు రాని ప్రశ్నకు ఏ తీర్పూ జవాబు చెప్పినట్టు కాదు. ఈ సమాధానంతో ప్రతి న్యాయమూర్తీ ఒప్పుకోకపోవచ్చు. పరీక్షలో అంత అక్కర్లేదు. వాదన ఎక్కడ పలచగా ఉందో మనకు తెలుసని కనిపిస్తే చాలు.

ఇంకో ఆకర్షణ గురించి కూడా చెప్పాలి. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977లో రిమాండులో ఉన్న తండ్రీకొడుకుల మీద రాత్రివేళ బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నా రక్షణ పెంచలేదు. ప్రభుత్వం పరిహారం ఇవ్వాల్సిందేనని మన హైకోర్టు తీర్పిస్తే, 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కాలక్రమంలో కస్తూరిలాల్ ప్రాధాన్యం చాలా తగ్గిపోయిందని కూడా వ్యాఖ్యానించింది. ఆ వ్యాఖ్య చూసి ‘కస్తూరిలాల్ రద్దయింది’ అని రాసేవాళ్లు ఉన్నారు. రద్దు కాలేదు, చిన్న ధర్మాసనం రద్దు చేయలేదు కూడా. పైగా చల్లా కేసు నిలబడింది ప్రాణరక్షణ హక్కు, అంటే 21వ అధికరణ మీద. బంగారం ఆస్తి. ఆస్తి హక్కు 1978 సవరణ తర్వాత ప్రాథమిక హక్కే కాదు, 300-ఎ అధికరణ కింద ఉంది. దీన్ని ఉదాహరిస్తే కోర్టుల ధోరణి చూపడానికే ఉదాహరించాలి. ఒక్క వాక్యం చాలు.

చివరగా, ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ఇష్టపడే మలుపు ఒకటుంది. తేదీలు అటూ ఇటూ మార్చేస్తారు. ఉత్తర్వు 10న, బంగారం పోయింది 8న. ఇప్పుడు మనం కట్టిన వాదన మొత్తం కూలిపోతుంది. స్వాధీనం ఇంకా నడుస్తోంది, ఉంచుకునే అధికారం ఇంకా పోలీసులదే, అచ్చం మీరట్ కథే. అప్పుడు బలవంతాన తేడా పుట్టించకుండా, ఉద్యోగి తప్పిదం మీద వేసే దావా వరకు కస్తూరిలాల్ అడ్డమేనని ఒప్పుకుని రాయాలి. మిగిలిన దారులు రెండు. సొత్తు కోర్టు ముందుకు వచ్చి ఉంటే బసవా పాటిల్ చూపిన దారిలో క్రిమినల్ కోర్టునే విలువ ఇప్పించమని అడగడం ఒకటి. స్వాధీనం నిలబడకపోతే సొత్తు తిరిగివ్వాల్సిన బాధ్యత మొదటి రోజు నుంచే ఉందని మెమన్ మహమ్మద్ మీద వాదించడం రెండోది. రెండోది బలహీనం. కస్టమ్స్ కేసులో చట్టం ఇచ్చిన అప్పీలు ఉంది, ఇక్కడ అలాంటిది చూపడం కష్టం. ఆ బలహీనతను ఒక వాక్యంలో చెప్పి, మొదటి దారినే ప్రధానంగా అడుగుతున్నామని రాసి జవాబు ముగించొచ్చు.